గృహప్రవేశం పిలుపు: కార్డులో ఉన్నది, మీకు చెప్పేది

కార్డులో:
స్వస్తిశ్రీ చాంద్రమాన మాఘ శుద్ధ దశమీ ఆదివారం ఉదయం 6.12 గంటలకు మకర లగ్నమందు మా నూతన గృహప్రవేశ మహోత్సవము జరుపుటకు పెద్దలు నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, మా ఆతిథ్యము స్వీకరించి, మమ్ము ఆశీర్వదింప ప్రార్థన.

మన గ్రూపులో:
ఒరేయ్, అమ్మాయిలూ, అందరూ వినండి! ఇల్లు పూర్తయింది. పూర్తయిందంటే, వంటింటి అల్మారాలకు తలుపులు ఇంకా రాలేదు, అది వేరే సంగతి. వచ్చే ఆదివారం గృహప్రవేశం. తెల్లవారుజామున ఆవును ఇంట్లోకి తీసుకువచ్చి, 6.12కు పాలు పొంగిస్తాం. ఆ వేళకు ఎవరైనా వస్తే అమ్మ మురిసిపోతుంది. కానీ మీ సంగతి నాకు తెలుసు కదా! తొమ్మిదికి సత్యనారాయణ వ్రతం మొదలవుతుంది. కథ అయ్యేసరికి వచ్చినా ప్రసాదం దొరుకుతుంది. పన్నెండున్నరకు భోజనాలు: పులిహోర, బూరెలు, గుత్తివంకాయ, ముద్దపప్పు, ఆవకాయ.

మియాపూర్ మెట్రోలో దిగి ఆటో ఎక్కండి. లొకేషన్ కింద పెడుతున్నాను. కార్లు తెచ్చేవాళ్లు ముందే చెప్పండి, మా సందులో రెండుకు మించి పట్టవు. పిల్లలనూ తీసుకురండి. కానుకలు వద్దు, గోడ గడియారాలు అసలే వద్దు, ఇప్పటికే మూడు వచ్చాయి. వంటవాళ్లకు లెక్క చెప్పాలి కాబట్టి, ఎంతమంది వస్తున్నారో గురువారంలోగా ఇక్కడే రాయండి.

సాయంత్రం దాకా ఉండేవాళ్లకు మేడమీద మిరపకాయ బజ్జీలు, పేకముక్కలు సిద్ధం.