బస్ టికెట్ యాప్‌లో ఓటీపీ, మెసేజ్‌ల విభాగం: సర్వీస్ లెవల్ అగ్రిమెంట్

విజయవాడ కేంద్రంగా బస్ టికెట్ యాప్ నడుపుతున్న భాగస్వామ్య సంస్థకు (ఇకపై ‘మేము’), విశాఖపట్నంలోని సాఫ్ట్‌వేర్ సంస్థకు (ఇకపై ‘మీరు’) కుదిరిన ప్రధాన ఒప్పందానికి ఇది అనుబంధం. 2026 ఏప్రిల్ 1 నుంచి ఏడాది పాటు అమల్లో ఉంటుంది.

1. పని పరిధి

లాగిన్ ఓటీపీ, టికెట్ కన్ఫర్మేషన్, బోర్డింగ్ పాయింట్ వివరాలు, క్యాన్సిలేషన్ సమాచారం. ఈ నాలుగు రకాల మెసేజ్‌లు పంపే విభాగం మాత్రమే మీ బాధ్యత. పేమెంట్లు, సీట్ల కేటాయింపు మావే. నెలకు ఫీజు రూ.1,80,000, జీఎస్‌టీ అదనం.

2. మెసేజ్ ఎప్పుడు వెళ్లినట్టు?

మా సర్వర్ నుంచి రిక్వెస్ట్ అందాక ఓటీపీని 5 సెకన్లలో, మిగతా మెసేజ్‌లను 60 సెకన్లలో టెలికాం ఆపరేటర్‌కు అప్పగించాలి. ఆపరేటర్ నుంచి మెసేజ్ ఐడీ తిరిగొచ్చిన క్షణంతో మీ లెక్క ముగుస్తుంది. ఆ తర్వాత ఆపరేటర్ నెట్‌వర్క్‌లో జరిగే ఆలస్యానికి మీకు కోత ఉండదు. మెసేజ్‌ల నమూనాలు నమోదు చేసే టెలికాం వేదిక డీఎల్‌టీలో టెంప్లేట్ రిజిస్టర్ చేయించడం మా పని కాబట్టి, అక్కడ మేము ఆలస్యం చేస్తే దానికీ మీరు బాధ్యులు కారు.

3. అందుబాటు

సర్వీసు నెలకు 99.5 శాతం సమయం పనిచేయాలి. 30 రోజుల నెలలో గరిష్ఠంగా 216 నిమిషాలు ఆగిపోవచ్చన్నమాట. జనవరి 5 నుంచి 18 వరకు సంక్రాంతి రద్దీని విడిగా లెక్కిస్తాం. ఆ 14 రోజులకు 99.9 శాతం ఉండాలి, అంటే దాదాపు 20 నిమిషాలకు మించి ఆగకూడదు. భోగి ముందు రోజు రాత్రి మియాపూర్‌లో పిల్లలతో నిలబడ్డ ప్రయాణికుడికి బోర్డింగ్ మెసేజ్ రాకపోతే, నెల సగటు బాగుందని చెప్పుకోవడం కుదరదు. అందుకే ఈ షరతుపై బేరం లేదు.

మెయింటెనెన్స్‌కు బుధవారం తెల్లవారుజామున 2.30 నుంచి 4 గంటల వరకు, 48 గంటల ముందు చెప్పి, నెలకు రెండుసార్లు సర్వీసు ఆపుకోవచ్చు. ఆ సమయం లెక్కలోకి రాదు. సంక్రాంతి రోజుల్లో ఈ వెసులుబాటు ఉండదు.

4. స్పందన, పరిష్కారం

మొదటి తరగతి: ఓటీపీలు పూర్తిగా ఆగిపోవడం, లేదా ప్రతి పదింటిలో ఒకటి కంటే ఎక్కువ విఫలం కావడం. రాత్రీ పగలూ 15 నిమిషాల్లో స్పందించాలి, 2 గంటల్లో సరిచేయాలి.

రెండో తరగతి: మిగతా మెసేజ్‌లు ఆలస్యం కావడం. గంటలో స్పందన, 8 గంటల్లో పరిష్కారం.

రిపోర్టుల్లో తప్పుల వంటివి మూడో తరగతి. తర్వాతి పనిదినం చూసి, ఐదు పనిదినాల్లో సరిచేస్తే చాలు.

స్పందన అంటే సమస్యను చూస్తున్న ఇంజినీర్ స్వయంగా మాట్లాడటం లేదా రాయడం. ‘మీ ఫిర్యాదు అందింది’ అని సిస్టమ్ దానంతటదే పంపే ఈమెయిల్ లెక్కలోకి రాదు. మా ఫోన్ కాల్, మీ మానిటరింగ్ అలర్ట్, వీటిలో ఏది ముందైతే అప్పటినుంచి గడియారం మొదలవుతుంది. తరగతి నిర్ణయించేది మేము. అభ్యంతరం ఉంటే సమస్య తీరాక మాట్లాడుకుందాం, మధ్యలో పని ఆపొద్దు.

5. కోతలు

అందుబాటు 99.5 కంటే తగ్గి 99 వరకు ఉంటే నెల ఫీజులో 5 శాతం, 99 కంటే తగ్గి 98 వరకు ఉంటే 10 శాతం, అంతకంటే తక్కువైతే 20 శాతం కోత. మొదటి తరగతిలో స్పందన ఆలస్యమైన ప్రతిసారీ రూ.2,000, పరిష్కారం ఆలస్యమైన ప్రతి అరగంటకు రూ.1,000. రెండో తరగతికి ఇందులో సగం.

ఉదాహరణకు జూన్‌లో ఓటీపీలు ఒకేసారి 5 గంటలు ఆగాయనుకుందాం. అందుబాటు 99.31 శాతం, కోత రూ.9,000. ఇంజినీర్ 40 నిమిషాలకు ఫోన్ ఎత్తితే రూ.2,000. గడువు దాటిన 3 గంటలకు రూ.6,000. మొత్తం రూ.17,000, తర్వాతి బిల్లులో జీఎస్‌టీ కలపకముందు తగ్గిస్తాం.

నెలలో కోత 25 శాతం, అంటే రూ.45,000 దాటదు. సంక్రాంతి రోజుల్లో 99.9 శాతం తప్పితే ఫీజులో 10 శాతం కోత. ఆ రోజుల్లో ఆలస్యాలకు కోతలు రెట్టింపు. జనవరి పరిమితి 40 శాతం. ఇవి శిక్షలు కావు. కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్‌ను దృష్టిలో ఉంచుకుని, మా నష్టానికి ఇద్దరం ముందే ఒప్పుకున్న సబబైన అంచనా.

6. ప్రయాణికుల డేటా

ఫోన్ నంబర్లు బయటికి పొక్కినట్టు అనుమానం వచ్చినా 2 గంటల్లో మాకు చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం, గమనించిన 6 గంటల్లో ఆ సంస్థకు రిపోర్ట్ చేయాలి కాబట్టి, నిర్ధారించుకున్నాక చెబుదామని ఆగొద్దు. లాగ్‌లను 180 రోజులు భారత్‌లోనే భద్రపరచాలి. ఈ నిబంధన తప్పితే పై పరిమితులు వర్తించవు.

7. మా బాధ్యత

బిల్లు అందిన 30 రోజుల్లో చెల్లిస్తాం. మీరు ఉద్యమ్‌లో నమోదైన చిన్న సంస్థ కాబట్టి, ఆ గడువు దాటితే ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం చక్రవడ్డీ మాపై పడుతుంది. కోతపై వివాదం ఉంటే ఆ మొత్తాన్నే ఆపుతాం, బిల్లంతా ఆపం.

8. విరమణ

ఏ ఆరు నెలల్లోనైనా మూడు నెలలు అందుబాటు 99 శాతం కంటే తగ్గితే, 30 రోజుల నోటీసుతో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. మేము రెండుసార్లు బిల్లు చెల్లింపును 45 రోజులు దాటించినా మీకు అదే హక్కు ఉంటుంది. వెళ్లేముందు మా కోసం రాసిన కోడ్, టెంప్లేట్‌లు, లాగ్‌లు అప్పగించి, కొత్తవారికి 15 రోజులు పని వివరించాలి. వివాదాలు 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద విజయవాడలో తేల్చుకుంటాం.