‘కేరాఫ్ కంచరపాలెం’: పేటంతా కలిసి నటించిన సినిమా

పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు, ఫారిన్ పాటలు అసలే లేవు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఇప్పటికీ నాకు బాగా నచ్చిన తెలుగు సినిమాల్లో ఒకటి. వెంకటేష్ మహాకి దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే తీశాడు, నటుల్లో చాలామంది ఆ పేట వాళ్లే, అందుకే అరుగు మీద కూర్చుని ఎవరైనా మాట్లాడుతుంటే డైలాగ్ చెబుతున్నట్టు ఉండదు, మన వీధిలో మాటలు చెవిన పడుతున్నట్టే ఉంటుంది.

కథలో నాలుగు ప్రేమలు. బడికెళ్లే సుందరం, సునీత. కుర్రకారు జోసెఫ్, భార్గవి. వైన్ షాపులో పనిచేసే గడ్డం, అక్కడికి మందు కొనడానికి వచ్చే సలీమా. 49 ఏళ్లొచ్చినా పెళ్లికాని అటెండర్ రాజు, అదే ఆఫీసుకి ఆఫీసరుగా వచ్చిన ఒడియా ఆవిడ రాధ. కులం, మతం, వయసు, పరువు... ఒక్కో జంటకీ ఒక్కో అడ్డు.

నాకు అన్నిటికంటే నచ్చింది గడ్డం కథ. సలీమా ముఖానికి ముసుగు వేసుకుని వస్తుంది, అతనికి కనిపించేవి కళ్లు మాత్రమే, ఆ కళ్లనే ప్రేమిస్తాడు. ఆమె ఒళ్లు అమ్ముకుని బతుకుతోందని తెలిశాక కూడా అతను వెనక్కి తగ్గడు. దీన్ని త్యాగంలాగా చూపించకపోవడమే దర్శకుడి గొప్పతనం, ఎందుకంటే గడ్డానికి అది త్యాగం కాదు, ఇష్టపడ్డాడు అంతే! రాజు, రాధల విషయంలో కూడా అంతే. పెళ్లికాని మగాడి గురించి పేటంతా ఏవేవో అనుకుంటుంటే రాజు మాత్రం ఎవరి మీదా విసుక్కోడు, సుబ్బారావు ఆ పాత్రని ఎంత మామూలుగా చేశాడంటే నటిస్తున్నాడన్న సంగతే గుర్తుకురాదు. ఇక రాధ పెళ్లికి అన్నయ్య అడ్డుపడుతుంటే, ఎదిగిన కూతురే తల్లి పక్షాన నిలబడటం చాలా బాగుంది.

జోసెఫ్, భార్గవిల కథ మాత్రం నాకు అంతగా ఎక్కలేదు. గొడవపడి ప్రేమలో పడటం మనం చాలాసార్లు చూసిందే, మిగతా మూడింటిలో ఉన్న కొత్తదనం ఇందులో లేదు. మొదటి అరగంట ఒక కథలోంచి ఇంకో కథలోకి వెళ్తుంటే కాస్త తికమకగా కూడా ఉంటుంది. అయినా ఆపేయకండి, ఈ నాలుగు కథల్నీ పక్కపక్కనే ఎందుకు నడిపించాడో చివర్లో అర్థమవుతుంది. అదేంటో నేను చెప్పను, చూసినవాళ్లు కూడా దయచేసి ఎవరికీ చెప్పొద్దు. స్వీకార్ అగస్తి పాటలు కథని ఆపవు, దాంతోపాటే నడుస్తాయి, ‘ఆశా పాశం’ అయితే సినిమా అయ్యాక కూడా వదలదు.

తెలుగు నేర్చుకుంటున్నవాళ్లకి ఉత్తరాంధ్ర యాస మొదట్లో కొంచెం కష్టంగా ఉండొచ్చు, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. పెళ్లి సంబంధాల టెన్షన్ నడుస్తున్న ఇంట్లో అయితే అమ్మానాన్నల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.