మా పండు బడికెళ్లాడు

ఫొటోలో బూట్లు తారుమారయ్యాయని ముందే చెప్పేస్తున్నా. తనే వేసుకుంటానని పట్టుబట్టాడు, హడావిడిలో మేమెవరం చూసుకోలేదు. తీసేసి మళ్లీ వేద్దామంటే, అయ్యగారు అప్పటికే బండి మీద ముందు నిలబడి హారన్ కొడుతున్నారు.

జూన్ 12. బళ్లు తెరిచిన రోజు. రాత్రి వానకి మా హన్మకొండ వీధంతా బురద. నానమ్మ బుగ్గన దిష్టిచుక్క పెట్టింది, వాళ్లమ్మ చొక్కాకి పిన్నీసుతో రుమాలు తగిలించింది. నా వంతు వారం ముందే అయిపోయింది: టిఫిన్ డబ్బా మూత తీయడం నేర్పించడం. దాని క్లిప్పు మరీ గట్టిది. రోజూ సాయంత్రం ఖాళీ డబ్బా ముందేసుకుని ఇద్దరం కుస్తీ పట్టాం. నిన్న రాత్రి టక్కున తెరిచాడు. అందరం చప్పట్లు కొడితే, లోపల ఏమీ లేదని అలిగాడు.

ఏడుస్తాడని టెన్షన్ పడ్డాం. ఏడవలేదు. నన్ను క్లాసు గుమ్మం దగ్గరే ఆగమన్నారు. మొన్న వసంత పంచమికి బాసరలో నా ఒళ్లో కూర్చుని, నా చేతిలో వేలు పెట్టి రాసినవాడు, ఇప్పుడు మూడో వరసలో ఎవరో పాప పక్కన కూర్చున్నాడు.

మేడం హాజరు పిలిచారు. "అద్విక్." పలకలేదు. మళ్లీ పిలిచారు. వీడు కూడా అందరితో పాటు అద్విక్ ఎవరా అని చుట్టూ చూస్తున్నాడు. ఆయమ్మ వచ్చి భుజం తడితే లేచి, "నేను పండుని" అన్నాడు. మేడం నవ్వి, "ఇక్కడ అద్విక్ నాన్నా" అన్నారు. వాడు గుమ్మం వైపు తిరిగి నన్ను చూశాడు, నిజమేనా అన్నట్టు. తలూపాను.

నిజానికి ఆ పేరు బారసాల నాడు ఉంగరంతో బియ్యంలో రాసింది నేనే. రాసి నాలుగేళ్లవుతోంది, ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలిచింది లేదు. ఆధార్ కార్డు మీద చూడటమే. ఇవాళ వేరే ఎవరో పిలిస్తే, మా ఇంట్లో మాకు తెలియకుండా ఇంకో పిల్లాడు ఉన్నట్టనిపించింది.

ఆఫీసుకని బయల్దేరాను. చౌరస్తా ముందు స్పీడ్ బ్రేకర్ రాగానే "గట్టిగా పట్టుకో నాన్నా" అనేశాను, పైకే. పక్కన ఆటో అతను నా వంక చూసి, ఖాళీగా ఉన్న నా బండి ముందు భాగం వంక చూశాడు. ఇంకేం ఆఫీసు, సెలవు చెప్పి వెనక్కి తిప్పేశా.

పన్నెండున్నరకి వదులుతారట. ఇప్పుడు టైం పదకొండు దాటింది. గేటు ఎదురుగా టీ బండి దగ్గర ఉన్నా, ఇది రెండో టీ. డబ్బాలో ఇడ్లీ, చక్కెర పెట్టాం. మూత వచ్చిందో లేదో.