ఎన్.ఐ.ఎన్. చరిత్ర డాక్యుమెంటరీలో ఇంటర్వ్యూ కోసం డాక్టర్ సుబ్బలక్ష్మి గారికి ఉత్తరం

హైదరాబాద్,
20 జనవరి 2026

డాక్టర్ సుబ్బలక్ష్మి గారికి,
దానవాయిపేట, రాజమహేంద్రవరం.

మేడమ్, నమస్కారం.

నా పేరు సుధాకర్. హైదరాబాద్‌లో డాక్యుమెంటరీలు తీస్తుంటాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, మీరంతా అనే ఎన్.ఐ.ఎన్., చరిత్ర మీద గంటలోపు నిడివితో ఒక డాక్యుమెంటరీ తీస్తున్నాం. అందులో మీరు మాట్లాడాలని అడగడానికే ఈ ఉత్తరం. సర్వేల రోజుల్లో మీ టీమ్‌లో పనిచేసిన రాములు గారు మీ చిరునామా ఇచ్చారు. ముందు ఫోన్ చెయ్యొద్దు, మేడమ్‌కి ఏదైనా కాగితం మీద చూసుకుంటేనే తృప్తి అని కూడా ఆయనే చెప్పారు.

సంస్థ పాత కథ మాకు బాగానే దొరికింది. 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన, 1928లో అది న్యూట్రిషన్ రీసెర్చ్ లేబరేటరీస్ కావడం, 1958లో హైదరాబాద్‌కు తరలిరావడం, 1969లో ఇప్పటి పేరు పెట్టడం, ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. గోపాలన్ గారి గురించి, శ్రీకాంతయ్య గారి గురించి చెప్పేవాళ్లూ ఉన్నారు. అయినా ఇప్పటిదాకా తీసినదంతా వేసుకుని చూస్తే నాకు వెలితిగా అనిపించింది. డైరెక్టర్లు వస్తారు, పేపర్లు వస్తాయి, అవార్డులు వస్తాయి. ఆ పేపర్లలోని అంకెలు ఎవరి వంటింట్లోంచి వచ్చాయో, వాటిని ఎవరు తూచి రాసుకొచ్చారో ఎక్కడా లేదు.

రాములు గారు ఒక సంగతి చెప్పారు. పొద్దున్నే ఊళ్లోకి వెళ్లి, ఇంటావిడ పొయ్యి మీద ఎసరు పెట్టకముందే బియ్యం, పప్పు, నూనె, చింతపండు అన్నీ పచ్చివిగా ఉన్నప్పుడే త్రాసులో వేసి తూచేవారట. ఆఫీసరమ్మ వచ్చిందని కొందరు ఇల్లాళ్లు ఆ రోజు సోలెడు బియ్యం ఎక్కువ పోసేవారట. మీరు అది కనిపెట్టి, మర్నాడు చెప్పాపెట్టకుండా మళ్లీ అదే ఇంటికి వెళ్లేవారని ఆయన నవ్వుతూ చెప్పారు. ఇది నిజమేనా? నిజమైతే దాన్ని మీ నోటనే వినాలని ఉంది. 24 గంటల్లో తిన్నదాన్ని గుర్తుచేయించి రాసుకునే పద్ధతికి వాడిన గిన్నెల సెట్టు గురించి కూడా. పిల్లవాడు నాలుగు ముద్దలు తిన్నాడని తల్లి అంటే, ఆ ముద్దని మీరు గ్రాముల్లోకి ఎలా మార్చేవారో చూసేవాళ్లకు ఒక్కసారి చూపిస్తే చాలు, సర్వే అంటే ఏమిటో తెలిసిపోతుంది. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో గురించి మామూలుగా అయితే ఒక గ్రాఫ్ చూపించి ముందుకు పోతారు. నాకు అలా పోవాలని లేదు.

మీతో ముఖ్యంగా మాట్లాడాలనుకున్నవి ఇంకో రెండు మూడున్నాయి. మొదటిది ప్రోటీన్ గొడవ. ప్రపంచమంతా ప్రోటీన్ కొరత, ప్రోటీన్ పొడులు అంటున్న రోజుల్లో, మన పిల్లలకు ముందు చాలనిది అన్నమేనని ఎన్.ఐ.ఎన్. గట్టిగా అంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు రోజూ మూడొందల పైచిలుకు క్యాలరీలు, 3 గ్రాముల ప్రోటీన్ మాత్రమే ఉన్న ఆహారం పెట్టి చూసిన ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. మీరు చేరేటప్పటికి ఆ మాట మీద సంస్థలో ఎలాంటి చర్చ నడిచేది? బయటి నుంచి ఒత్తిడి ఉండేదా?

రెండోది నల్గొండ. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో కొత్తగా పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం, అది ఎక్కువగా జొన్న తినే ఇళ్లలో కనబడటం, నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భ జలాలు పెరిగి నేల గుణం మారి జొన్నలో మాలిబ్డినం పెరిగిందన్న వాదన, ఇవి నేను చదివాను. ఆ ఊళ్లకు మీరు వెళ్లినట్టు తెలిసింది. ఆ వాదన అప్పుడు మీకు నమ్మకంగా అనిపించిందా, ఇప్పుడేమంటారు? మీరు కాదన్నా ఆ మాటను అలాగే ఉంచుతాం. ఇది సంస్థ వాళ్లు డబ్బిచ్చి తీయిస్తున్నది కాదు, పొగడ్తలు అక్కర్లేదు. జొన్నలూ పెల్లాగ్రా, అందులో ల్యూసిన్ పాత్ర మీద నడిచిన వాదోపవాదాల విషయమూ అంతే.

ఆ రోజుల్లో ఫీల్డ్‌కు వెళ్లిన ఆడవాళ్లు తక్కువ. ఊళ్లో రాత్రి ఎక్కడ పడుకునేవారు, ఇంట్లో వాళ్లు ఏమనేవారు, జీపు చెడిపోతే ఏం చేసేవారు, ఇవి చిన్న విషయాలని మీరు అనుకోవచ్చు. నాకు మాత్రం వీటికి చోటు ఉంది.

ఇక ఏర్పాట్లు. మీరు హైదరాబాద్ రానక్కర్లేదు. మేమే మీ ఇంటికి వస్తాం, ముగ్గురమే. ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో మీకు వీలైన రెండు ఉదయాలు, రోజుకు గంటన్నర మించకుండా. ఎండ రాకముందే మొదలుపెట్టి, టిఫిన్ వేళకు ఆపేస్తాం. పెద్ద లైట్లు ఉండవు, కిటికీ వెలుతురు చాలు. చీరకు చిన్న మైకు తగిలిస్తాం. వీధిలో చప్పుడు తక్కువగా ఉండే గది ఒకటి చూపిస్తే మంచిది, ఫ్యాను మాత్రం కాసేపు ఆపాల్సి వస్తుంది, అదొక్కటే ఇబ్బంది. ప్రశ్నలు వారం ముందే పోస్టులో పంపిస్తాను. ఏదైనా వద్దంటే కొట్టేయండి. కెమెరా ముందు అన్న తర్వాత కూడా వెనక్కి తీసుకోవాలనిపిస్తే చెప్పండి, తీసేస్తాం. ఎడిటింగ్ అయ్యాక మీరు వచ్చే భాగాలు మీకు చూపించాకే ఖాయం చేస్తాం. సమ్మతి పత్రంలో ఇవన్నీ తెలుగులో రాసి ఉంటాయి, చదువుకుని సంతకం చేద్దురుగాని.

ఇంటర్వ్యూకు పారితోషికం ఇచ్చే స్తోమత మాకు లేదు. ఆ మాట ముందే చెప్పడం మర్యాద అనుకున్నాను. సినిమా పూర్తయ్యాక మీ ఇంటర్వ్యూ మొత్తం, కత్తిరించనిది, ఒక పెన్‌డ్రైవ్‌లో మీకు ఇస్తాం. మనవలకు పనికొస్తుంది.

మీ దగ్గర పాత ఫొటోలు, ఫీల్డ్ డైరీలు, సర్వే షెడ్యూళ్ల ఖాళీ ఫారాలు ఏమైనా ఉంటే సర్దొద్దు, తుడవొద్దు, ఎలా ఉన్నవి అలాగే ఉంచండి. మీ ముందే స్కాన్ చేసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. ఒక్క కాగితం కూడా ఇల్లు దాటదు.

ఒప్పుకుంటే ఎవరి చేతైనా రెండు ముక్కలు రాయించి పంపినా చాలు. లేదా రాములు గారికి ఫోన్‌లో చెప్పండి, ఆయన నాకు చెబుతారు. నెలాఖరుకు మీ మాట తెలిస్తే రైలు టికెట్లు చేసుకుంటాం. ఇష్టం లేకపోయినా మొహమాటం లేకుండా చెప్పండి, మళ్లీ మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టను.

మీ ఆరోగ్యం జాగ్రత్త మేడమ్.

ఇట్లు,
మీ విధేయుడు,
సుధాకర్

తా.క.: అప్పటి గిన్నెల సెట్టు మీ దగ్గర ఉండి ఉండొచ్చని రాములు గారి అనుమానం. ఉంటే దయచేసి అటక మీద నుంచి మీరు దింపకండి. మేం వచ్చాక దింపుతాం.