మన ఊరి తాగునీటిలో ఫ్లోరైడ్: నాలుగు రిపోర్టుల సారాంశం, అవి ఒకదానితో ఒకటి కలవని చోట్లు

అక్టోబర్ 2 గ్రామసభ కోసం

మర్రిగూడ మండలంలోని మన ఊరి నీళ్ల మీద ఈ ఏడాది నాలుగు రిపోర్టులు వచ్చాయి. నాలుగూ గ్రామ ఫోల్డర్‌లో అప్‌లోడ్ అయి ఉన్నాయి. మార్చిలో ల్యాబ్ ఇచ్చిన నీటి పరీక్ష, జులైలో హైస్కూల్ తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ టీచరుతో కలిసి కిట్‌తో చేసిన పరీక్ష, ఆగస్టులో ఆశా కార్యకర్తలు చేసిన ఇంటింటి సర్వే, పంచాయతీ ఇచ్చిన నీటి సరఫరా నివేదిక. నాలుగూ చదివినవాళ్లకు తలా ఒక మాట చెబుతున్నట్టు అనిపిస్తుంది. ల్యాబ్ చూస్తే నల్లా నీళ్లు మంచివి. బడి పిల్లల రిపోర్టు చూస్తే అదే నల్లా నీళ్ల మీద అనుమానం వస్తుంది. పంచాయతీ లెక్కలో అన్ని ఇళ్లకూ నల్లా ఉంది, సర్వేలో మూడో వంతు ఇళ్లు ఇంకా బోరు నీళ్లే తాగుతున్నాయి.

ముందుగా, నాలుగింటిలో దేనికీ తేడా లేని విషయం: ఊళ్లోని బోర్ల నీళ్లు, చెరువు కింది బోరు ఒక్కటి తప్ప, తాగడానికి పనికిరావు. ఆ ఒక్క బోరు సంగతి కింద ఉంది. మన నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి, అందులోని ఫ్లోరైడే నీళ్లలోకి దిగుతుంది. ఎంత లోతుకు వేసినా బోరు నీళ్లకు ఈ బాధ తప్పుతుందన్న భరోసా లేదు.

నీటి పరీక్షల అంకెలు ఇవి. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. బడి రిపోర్టులో పీపీఎం అని రాశారు, నీళ్ల విషయంలో రెండూ ఒకటే కాబట్టి మార్చాల్సిన పని లేదు.

| నీళ్లు తీసిన చోటు | ల్యాబ్ (మార్చి 11) | బడి కిట్ (జులై 18) |
|---|---|---|
| బొడ్రాయి దగ్గర బోరింగు | 3.1 | 2 నుంచి 3 మధ్య |
| బడి వెనక బోరు | 2.4 | 2 |
| చెరువు కింది బోరు | 1.3 | 1 నుంచి 1.5 మధ్య |
| నల్లా నీళ్లు | 0.4 | 1.5 |
| ఆర్ఓ ప్లాంటు నీళ్లు | 0.6 | 1.5 |

మొదటి మూడు వరుసల్లో నిజమైన గొడవ లేదు. కిట్‌లో నీళ్ల రంగును కార్డు మీది రంగులతో పోల్చి చూస్తారు, అది 2.4 అని చెప్పలేదు. ఒకటి ఎండాకాలం మొదట్లో తీసిన నీళ్లు, ఇంకొకటి వానలు పడ్డాక తీసినవి.

చెరువు కింది బోరు దగ్గర మాత్రం అంకెలు కలిసినా తీర్పు కలవలేదు. ల్యాబ్ దాన్ని ‘తగదు’ అంది, బడి రిపోర్టు ‘తాగవచ్చు’ అంది. భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 1.5 దాకా ఒప్పుకుంటుంది. ల్యాబ్ మొదటి గీతను పట్టుకుంది, పిల్లలు రెండోదాన్ని పట్టుకున్నారు. ఊళ్లోకి నల్లా వచ్చింది కాబట్టి మనకు మొదటి గీతే వర్తిస్తుందని నా అభిప్రాయం. అంటే ఆ బోరునూ తాగే నీళ్ల కింద లెక్కపెట్టొద్దు.

ఇక నల్లా నీళ్లు. అందరం ఆగి చూడాల్సిన చోటు ఇదే. 0.4కీ 1.5కీ ఉన్న తేడాను కిట్ మీద తోసేయలేం. ల్యాబ్ వాళ్లు నమూనాను ట్యాంకు దగ్గరే తీశారు. పిల్లలు చివరి గల్లీలోని ఒక ఇంటి నల్లా దగ్గర తీశారు. అయినా పైపులో నడిచినంత మాత్రాన ఫ్లోరైడ్ పెరగదు. జవాబు పంచాయతీ నివేదికలోనే ఒక వాక్యంలో ఉంది, మిగతా ముగ్గురూ దాని జోలికి పోలేదు: ‘పై నుంచి సరఫరా ఆగిన రోజుల్లో బడి వెనక బోరుతో ట్యాంకు నింపుతున్నాం.’ దానికి జతచేసిన మోటరు రిజిస్టరులో జులై 16, 17 తేదీల్లో బోరుతో నింపినట్టు ఉంది. పిల్లలు నమూనా తీసింది 18న. మార్చి 11కు ముందు వారంలో బోరు వేసినట్టు ఎక్కడా లేదు. రెండు పరీక్షలూ సరైనవే, రెండూ వేర్వేరు నీళ్లను కొలిచాయని నేను అనుకుంటున్నాను. ఇది రిపోర్టులు పక్కపక్కన పెట్టి నేను తీసిన అంచనా. సరఫరా ఆగిన రోజున ట్యాంకు దగ్గరా చివరి గల్లీలోనూ ఒకేసారి నమూనా తీస్తే తేలిపోతుంది.

ఇది నిజమైతే, నల్లా తిప్పిన తల్లికి ఆ రోజు ఏ నీళ్లు వచ్చాయో తెలిసే దారి లేదు. బోరుతో నింపిన రోజు టముకు వేయించడమో, మైకులో చెప్పడమో వెంటనే మొదలుపెట్టాలి. దీనికి ఖర్చు కూడా ఏమీ లేదు.

ఆర్ఓ ప్లాంటు విషయంలో మాత్రం రెండు రిపోర్టులనూ కలపలేకపోయాను. ల్యాబ్ ప్లాంటు దగ్గరే పట్టింది. పిల్లలు ముందు రోజు సాయంత్రం నింపిన ఒక ఇంటి క్యాన్‌లోంచి తీశారు. ఆ క్యాన్‌లో ఉన్నవి ప్లాంటు నీళ్లేనా అన్నది రిపోర్టులో లేదు. నీళ్లను వడకట్టే మెంబ్రేన్ పొర పాడైతే ప్లాంటు నీళ్లలోనూ ఫ్లోరైడ్ మిగిలిపోతుంది. నిర్వహణ సక్రమంగా ఉందని పంచాయతీ రాసింది కానీ మెంబ్రేన్ చివరిసారి ఎప్పుడు మార్చారో రాయలేదు. మళ్లీ పరీక్ష జరిగేదాకా ఏ అంకెనూ నమ్మకండి.

ఇళ్ల లెక్క. పంచాయతీ 240 ఇళ్లకు 240 నల్లాలు అంది. సర్వే 212 ఇళ్లే తిరిగింది. మిగతా 28 ఇళ్లకు తాళాలు, వాళ్లు హైదరాబాద్‌లో పనులకు పోయారు. ఆ 212లో 71 ఇళ్లు తాగేది బోరు నీళ్లు. పంచాయతీ లెక్కపెట్టింది బిగించిన నల్లాలను, ఆశా కార్యకర్తలు అడిగింది బిందెలో ఉన్న నీళ్ల గురించి. రెండూ నిజమే, కానీ పిల్లల ఒంట్లోకి పోయేది రెండో లెక్క. ఆ 71లో ఎక్కువ ఇళ్లు చివరి గల్లీవే. ప్రెషర్ చాలదని, రోజు విడిచి రోజు వస్తున్నాయని చెప్పారు. పంచాయతీ నివేదికలో రోజూ సరఫరా అని ఉంది. ఈ తేడాను సభలో అడిగి తేల్చుకోవాలి.

పళ్ల మీద మచ్చల దగ్గర సర్వేలోనే రెండు అంకెలు ఉన్నాయి. రెండో పేజీలో 64 మంది పిల్లల్లో 23 మందికి అని, చివరి పట్టికలో 3 నుంచి 5 తరగతుల 28 మందిలో 6, 6 నుంచి 9 తరగతుల 36 మందిలో 19, మొత్తం 25 అని. ఏది సరైనదో సర్వే చేసినవాళ్లే సరిచూడాలి. ‘కొత్త కేసులు లేవు’ అని పంచాయతీ రాసింది. మచ్చలు ఈ ఏటి నీళ్లవి కావన్నంతవరకు అది నిజం కావచ్చు. పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లు చిగురులో తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపే, అప్పుడు తాగిన నీళ్ల గుర్తే ఇప్పుడు కనబడుతుంది. అందుకే పెద్ద తరగతుల్లో ఎక్కువ. కానీ చిన్న తరగతుల్లో ఆరుగురు ఉన్నారు. వాళ్లను దంత వైద్యునితో చూపించకుండా కొత్త కేసులు లేవని అనడం తొందరపాటు. మచ్చలన్నీ ఫ్లోరైడ్‌వే అని అనడమూ అంతే.

పెద్దవాళ్లలో 31 మంది కీళ్లు, నడుము నొప్పులు చెప్పారు. ఎక్స్‌రే లేకుండా దాన్ని ఫ్లోరోసిస్ లెక్కలో వేయలేదు.

ఇంకో చిన్న మాట. సర్వేతో ఇచ్చిన కరపత్రంలో నీళ్లు కాచి చల్లార్చి తాగమని ఉంది. క్రిములకు అది మంచిదే. ఫ్లోరైడ్ కాచితే పోదు. నీళ్లు ఇగిరినకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. కరపత్రం మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఈ ముక్క కలపాలి.

సభ ముందు పెట్టాల్సినవి: మోటరు రిజిస్టరు జనవరి నుంచి మొత్తం, మెంబ్రేన్ మార్చిన బిల్లు, చివరి గల్లీ ప్రెషర్, ఆ ఆరుగురు పిల్లలకు దంత పరీక్ష తేదీ.