లారీ వెనక రాత: 27వ ఫొటో, ఎత్తి రాసిన ప్రతి

ఫొటో 2019 జనవరిలో తీసింది. 16వ నంబరు జాతీయ రహదారి మీద తణుకు దాటాక, టీ కొట్టు ముందు ఆగి ఉన్న ధాన్యం లారీ. మధ్యాహ్నపు ఎండ కుడివైపు నుంచి పడుతోంది, ఎడమ సగం నీడలో ఉంది. ఆ నీడలో అక్షరాలు ఫోన్‌లో పెద్దవి చేసుకుని చదివాను.

పైనుంచి కిందికి రాశాను. ఒకే వరసలో ఉన్నవాటిని ఎడమ నుంచి కుడికి రాశాను. స్పెల్లింగు పెయింటర్‌దే, నేను దిద్దలేదు. చదరపు బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు. నిలువు గీత ఉన్నచోట ఇనప పట్టీయో లైటో అడ్డొచ్చిందని అర్థం.

పై చెక్క, టార్పాలిన్ అంచు కింద:

[అ]మ్మా నాన్నల దివెన

[మొదటి అక్షరం తాడు ముడి కింద ఉంది. ముడి దిగువన మ ఒత్తు తోక బయటికి కనిపిస్తోంది కాబట్టి ధైర్యంగా పూరించాను. "దివెన"లో దీర్ఘం లేదు, అలాగే ఉంచాను. రెండు చివర్లా పచ్చ చిలకలు, ముక్కులు మాటవైపే తిరిగి ఉన్నాయి.]

వెనక తలుపు, రెండు రెక్కలు:

తొందర పడకు | తమ్ముడూ
ఆలస్యమైనా | ఇంటికి చేరు

[ఈ ఫొటోలో తల తిన్నది ఇదే. రెక్క వారీగా చదివితే "తొందర పడకు ఆలస్యమైనా, తమ్ముడూ ఇంటికి చేరు" అని వస్తుంది. అదీ అర్థమయ్యేదే, అదే చిక్కు. మొదటిసారి నేను అలాగే రాసుకున్నాను కూడా. తర్వాత రంగులు చూశాను. పై వరస రెండు రెక్కల మీదా పసుపు, కింది వరస రెండు రెక్కల మీదా తెలుపు. పెయింటర్ ఒక డబ్బా రంగు అయ్యాకే రెండోది తెరిచి ఉంటాడు. అందుకే అడ్డంగానే చదివాను. "పడకు" పక్కన గొళ్ళెం ఉంది, దాని కింద అక్షరమేమీ దాగలేదు.]

తలుపు కింది పట్టీ, ఇంగ్లీషు అక్షరాల్లో:

హారన్ | ఓకే | ప్లీజ్

["ఓకే" మిగతా రెండిటికి రెట్టింపు ఎత్తు, చుట్టూ ఎర్ర గుండ్రం. కన్ను ముందు దాని మీదే పడుతుంది, అయినా చదివే వరస ఎడమ నుంచే. ఈ మాట వల్ల అనవసరంగా హారన్ కొడుతున్నారని మహారాష్ట్ర 2015లో బళ్ళ మీద రాయొద్దంది. ఇక్కడ మాత్రం రంగు నిగనిగలాడుతోంది. "ప్లీజ్" వెనక పాత రాత లీలగా కనబడుతోంది: "సౌం... హా...". "సౌండ్ హారన్" అయ్యుంటుంది. పాత పొర కాబట్టి వరసలో చేర్చలేదు.]

దాని కింద, చిన్న తెలుపు అక్షరాల్లో, ఇదీ ఇంగ్లీషే:

యూజ్ డిప్పర్ ఎట్ నైట్

[రాత్రిపూట వెనక వచ్చేవాళ్ళు లైటు దించమని. "నైట్" ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం తక్కువ.]

బంపర్:

స్టాప్ | నన్ను చూసి ఏడ్వకురా | స్టాప్

[రెండు "స్టాప్"లూ లైట్ల పక్కన ఎర్ర చతురస్రాల్లో, ఇంగ్లీషులో ఉన్నాయి. నడుమ మాట తెలుగు. ఈ వరసను ఏకబిగిన చదివితే "ఆగు, నన్ను చూసి ఏడ్వకురా, ఆగు" అని ఎవరో బతిమాలుతున్నట్టుంది. నిజానికి మూడూ వేర్వేరు రాతలు. ప్రతిలో ఒకే లైన్లో ఉన్నా గొంతు ఆపి చదవాలి. "రా" పక్కన నల్ల చెప్పు బొమ్మ, దిష్టికి.]

నంబరు ప్లేటు:

ఏపీ 16 [తక్కినది బురదలో ఉంది]

[16 అప్పటి కృష్ణా జిల్లా కోడ్. చివరి అంకెలు కొంచెం పోల్చుకోవచ్చు గానీ, ఎవరి బండో తెలిసిపోయేలా రాయడం ఇష్టం లేదు. ప్లేటు కుడిపక్కన ఉన్న ఫోన్ నంబరూ అందుకే వదిలేశాను.]

చక్రాల వెనక వేలాడే రబ్బర్లు:

మళ్[ళీ] | కలుద్దాం

[ఎడమ రబ్బరు చివర చిరిగిపోయింది. రెండు మాటల మధ్యా బండి వెడల్పంత ఖాళీ ఉంది, అందులోంచి వెనక టీ కొట్టు బెంచీ, దాని మీద కూర్చున్న మనిషి కాళ్ళు కనిపిస్తున్నాయి. కుడి రబ్బరు మీద "కలుద్దాం" కింద ఇంకో మాట ఉంది, అక్షరాలు మట్టికి సగం చెరిగాయి. మొదట "రాజా" అనుకున్నాను. పెద్దది చేసి చూస్తే "టాటా".]