శ్రీనుని మూడు వారాలు ఇవ్వండి (రోల్‌ప్లే)

సందర్భం: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ. రాయి కోసే పాత గ్యాంగ్‌సా పక్కన, అదే పనికి కొత్త మల్టీవైర్ మెషీన్ దించారు. దాన్ని నడిపించి చూపించే ప్రాజెక్టు సునీతది. ప్యానెల్ పనికి ఎలక్ట్రీషియన్ శ్రీను కావాలి. అతను మెయింటెనెన్స్ మేనేజర్ మాలకొండయ్య మనిషి. సునీత పాత్ర వేసేవారు ఎండీ పేరు ఎత్తకూడదు. ఎత్తితే శ్రీను వస్తాడేమో గానీ, రేపు ఒక స్పానర్ కావాలన్నా మాలకొండయ్య లెటర్ అడుగుతాడు.

మాలకొండయ్య: (టీ గ్లాసు పక్కన పెట్టి) శ్రీను గురించేగా? కుదరదమ్మా.

సునీత: ఇంకా అడగనేలేదు కదన్నా.

మాలకొండయ్య: పోయినసారి షెడ్డు పనికి "రెండు వారాలే" అని తీసుకెళ్లారు. రెండు నెలలకు తిరిగొచ్చాడు. లైన్ ఆగినప్పుడల్లా తిట్లు నాకు, మెచ్చుకోలు ప్రాజెక్టుకి.

సునీత: అది తప్పే. ఇప్పుడు మీకు అసలు టెన్షన్ ఎక్కడ?

మాలకొండయ్య: (సొరుగులోంచి నల్లగా మాడిన కాంటాక్టర్ తీసి) ఇదిగో, లైన్ పాలిషర్‌ది. మొన్న రాత్రి పదకొండింటికి ఆగింది. వాడు కాబట్టి నలభై నిమిషాల్లో మార్చాడు. ఇరవయ్యో తేదీలోపు రెండు కంటెయినర్లు పోర్టుకి పోవాలి.

సునీత: ఐతే ఇరవై దాకా అతని జోలికి రాను. 21 నుంచి మూడు వారాలు, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా నాకు. పొద్దున మీకు. పాలిషర్ ఆగిందంటే, నా ప్యానెల్ విప్పి ఉన్నా సరే, వచ్చేస్తాడు.

మాలకొండయ్య: రాత్రి కాల్ వస్తే? వాడు మనిషా, మోటారా?

సునీత: (కాసేపు ఆగి) అది నేను ఆలోచించలేదు. రాత్రి పనికొస్తే మర్నాడు నా గంటలు వదిలేస్తా.

మాలకొండయ్య: శనివారం వాడు మాలకొండకు పోతాడు. గుడి తెరిచేది వారానికి ఆ ఒక్కరోజే. ఆ రోజు నేనే పిలవను.

సునీత: నేనూ పిలవను.

మాలకొండయ్య: ఇక్కడ మిగిలేది రఫీ. వాడికి డ్రాయింగ్ చదవడం రాదు.

సునీత: మెషీన్ కంపెనీ ఇంజనీరు వచ్చినప్పుడు రఫీని కూడా పక్కన నిలబెడదాం. రేపు ఆ మెషీన్ పాడైతే పిలిచేది మిమ్మల్నే కదన్నా. అప్పటికి తెలిసినవాడు శ్రీను ఒక్కడే అయితే?

(మాలకొండయ్య మాట్లాడడు. ఇక్కడ సునీత కూడా మాట్లాడకూడదు. చాలామంది ఈ చోటే తొందరపడి ఇంకో మాట కలిపి చెడగొట్టుకుంటారు.)

మాలకొండయ్య: శ్రీనుని అడిగావా?

సునీత: లేదన్నా. ముందు మీ దగ్గరికే వచ్చా.

మాలకొండయ్య: తేదీలు, గంటలు, రాత్రి సంగతి మెయిల్‌లో పెట్టు. ప్లాంట్ హెడ్‌కి కాపీ. మూడు వారాలు దాటితే?

సునీత: మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతా. మీరు వద్దంటే 22వ రోజు పంపొద్దు.

మాలకొండయ్య: స్పేర్ కాంటాక్టర్లు రెండు, నీ బడ్జెట్‌లో.

సునీత: ఒకటి.

మాలకొండయ్య: రెండు. (ఫోన్ తీసి) శ్రీనూ, ఒకసారి ఇట్టా రా.